మెషిన్‌కి బ్యాంకు అప్పిస్తుంది, తొంభై రోజులకి ఎవరిస్తారు?

మొన్న సంక్రాంతికి మా బావమరిది షార్జా నుంచి ఫోన్ చేశాడు. "బావా, ఇంక చాలు. వచ్చేస్తున్నా. నీలాగే బెంగళూరు పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్ తీసుకుని రెండు సీఎన్‌సీ మెషిన్లు పెట్టుకుంటా" అన్నాడు. ఆ రాత్రే వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపాడు. పన్నెండేళ్లలో దాచిన 60 లక్షలు అందులో చక్కగా ఖర్చయిపోయాయి. కంప్యూటర్‌తో లోహం కోసే కొత్త టర్నింగ్ సెంటర్లు రెండు, ఒక్కోటి 18 లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ. షెడ్ అడ్వాన్స్. కంప్రెసర్, స్టెబిలైజర్, టూలింగ్. మిగిలింది ఇంటి ఖర్చుకి. ఆదాయం దగ్గర గంటకి 400 రూపాయలు, రోజుకి 20 గంటలు, నెలకి 30 రోజులు, రెండు మెషిన్లు కలిపి 4 లక్షల 80 వేలు అని రాసుకున్నాడు.

తప్పు అంకెలు కావవి. మెషిన్ ధర సుమారుగా అంతే ఉంటుంది, గంట రేటూ అంతే నడుస్తోంది. ఆ షీటులో రూపాయలకి బోలెడన్ని గడులున్నాయి, తేదీలకి ఒక్క గడి కూడా లేదు. అదే వాడికి చెప్పాను. చెప్తే వాడికి కోపమొచ్చింది. "నువ్వు నగదు పెట్టి కొనుక్కోలేదా బావా?" అన్నాడు.

కొన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను 2015 చివర్లో మస్కట్ నుంచి వచ్చాను. అక్కడ పదకొండేళ్లు ఆయిల్ ఫీల్డ్ సామాను చేసే మెషిన్ షాపులో పనిచేశాను, చివరి ఐదేళ్లు సూపర్‌వైజర్‌గా. మాది హిందూపురం. మా వాళ్లకి బెంగళూరు పరాయి ఊరేం కాదు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే అక్కడుంటాం. పీణ్య సెకండ్ స్టేజ్‌లో ఒక షెడ్ దొరికింది. అక్కడ ఏ సందులోకి తిరిగినా నలుగురిలో ఒకడు తెలుగువాడే. 2016లో ఒక సీఎన్‌సీ మెషిన్ కొన్నాను, చేతిలో ఉన్న డబ్బుతోనే, రూపాయి అప్పు లేకుండా. అప్పు లేదని అప్పట్లో గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

పని లేక దెబ్బతిన్నానంటే అర్థముంది. కానీ పనుంది. నాలుగో నెలకే మెషిన్ రెండు షిఫ్టులు నడిచేది. మొదటి పార్టీకి పంపిన సరుకు డబ్బు 112 రోజులకి వచ్చింది. ఈలోగా వాళ్లే మళ్లీ ఆర్డర్ ఇచ్చారు, ఇంతకు ముందుకంటే పెద్దది. దానికి మెటీరియల్ కొనాలి. బ్యాంకుకి వెళితే మేనేజర్ మర్యాదగానే చెప్పాడు: "మెషిన్ కొనకముందు వచ్చుంటే దాని మీద లోన్ ఇచ్చేవాణ్ని. ఇప్పుడు మీరు అడుగుతున్నది వర్కింగ్ క్యాపిటల్. దానికి రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లో, ఏదైనా ఆస్తో కావాలి." ఐదో నెలలో మా ఆవిడ గాజులు తాకట్టుకి వెళ్లాయి. ఆ డబ్బుతో ఆపరేటర్లకి జీతాలిచ్చి రౌండ్ బార్లు కొన్నాను. బావమరిదికి ఈ మాట చెప్పి, "అవి మీ అక్క గాజులేరా" అన్నాక గానీ వాడి కోపం తగ్గలేదు.

అప్పుడు అర్థమైంది ఇది: బ్యాంకుకి మెషిన్ కనిపిస్తుంది. నంబరు ప్లేటు ఉంటుంది, తాకట్టు పెట్టుకోవచ్చు, కట్టకపోతే పట్టుకెళ్లొచ్చు. కాబట్టి కొత్తవాడికైనా దాని మీద అప్పు పుడుతుంది. పార్టీ దగ్గర ఇరుక్కున్న బిల్లు అలా కనిపించదు. మొదటి ఏడాది దాని మీద నీకు ఎవరూ ఇవ్వరు. మరి నీ సొంత డబ్బు ఎక్కడ పెట్టాలి? ఎవరూ అప్పివ్వని చోట. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లలో నేను చూసిన వాళ్లంతా సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు. నేనూ అంతే. అప్పంటే భయం, పైగా కొత్త మెషిన్ ముందు కొబ్బరికాయ కొట్టి ఫోటో తీసుకోవాలన్న సరదా.

ఇప్పుడు బావమరిదికి నేను వేసిచ్చిన లెక్క చెప్తాను. అంకెలు వాడి కేసువి. నీ పార్టు వేరే అయితే అంకెలు మారతాయి, వరస మారదు.

60 లక్షల్లో ముందు 15 తీసి పక్కన పెట్టాం. ఇంటికి నెలకి 50 వేల చొప్పున ఏడాదిన్నరకి 9 లక్షలు. అమ్మానాన్నల ఆసుపత్రి, పిల్లల ఫీజు లాంటి వాటికి 6 లక్షలు. ఈ 15 వ్యాపారానిది కాదు, దాని వైపు చూడకూడదు. మిగిలింది 45.

ముందు ఒక్క మెషిన్ చాలు. దాని మీద కేవలం లేబర్ జాబ్ చేస్తే, అంటే పార్టీయే మెటీరియల్ పంపి మనం గంట లెక్కన కోసిస్తే, ఏమొస్తుందో చూడండి. రెండు షిఫ్టులు కలిపి 20 గంటలు, నెలకి 25 రోజులు, 500 గంటలు. ఇందులో సెట్టింగ్, మెటల్ కోసే మొన అరిగితే ఆ ఇన్సర్ట్ మార్చడం, మొదటి పీసు చెకింగ్, కరెంటు పోవడం, ఆపరేటర్ ఊరెళ్లడం అన్నీ పోగా నిజంగా మెటల్ కోసేది 350 గంటలు. 70 శాతం అన్నమాట. కొత్త షాపులో అది కూడా వెంటనే రాదు. 400 చొప్పున లక్షా 40 వేలు. ఖర్చు: అద్దె 28 వేలు, ఇద్దరు ఆపరేటర్లు 44 వేలు, కరెంటు 14, ఇన్సర్ట్‌లూ కూలెంటూ 15, టెంపో, చిల్లర మల్లర 12. మొత్తం లక్షా 13 వేలు. మెషిన్‌కి 15 లక్షలు ఐదేళ్లకి 11 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ 32,600. ఇంకేముంది, 5,600 లోటు. యజమానికి జీతం లేదు. బావమరిది షీటులో 4 లక్షల 80 వేలు ఉన్న గడి దగ్గర అసలు బతుకు ఇది.

అంటే గంట రేటు మీద బతకలేం. మరి పీణ్యలో ఇన్ని చిన్న షెడ్లు ఎలా నడుస్తున్నాయి? కొన్నింటికి మెషిన్ల అప్పు ఎప్పుడో తీరిపోయింది, షెడ్ సొంతం. మిగతావాళ్లు విత్ మెటీరియల్ పని చేస్తారు. బార్ వాళ్లే కొంటారు, కోస్తారు, బయట చేయించాల్సిన ప్రాసెస్ చేయిస్తారు, చెక్ చేసి పెట్టెలో పెట్టి ఇస్తారు. పార్టీకి తలనొప్పి తగ్గుతుంది, ఆ తలనొప్పికి డబ్బిస్తుంది.

ఒక పార్టు తీసుకుందాం. 304 స్టెయిన్‌లెస్ బుష్, అంటే నడుమ రంధ్రమున్న గొట్టంలాంటి ముక్క, వాల్వులు చేసే ఒక కంపెనీకి. మెటీరియల్ 190 రూపాయలు. మెషినింగ్ పది నిమిషాలు, అంటే 67. తుప్పు పట్టకుండా బయట చేయించే పాసివేషన్ 18. మొత్తం 275. కొటేషన్ 315 వేస్తాం. ఆ పైన ఉన్న 40లోనే రిజెక్షన్, ప్యాకింగ్, చెకింగ్, డబ్బు ఇరుక్కున్నందుకు వడ్డీ, లాభం అన్నీ ఉన్నాయి. నెలకి 2,000 పీసులంటే 333 గంటలు, మన 350లో సరిపోతుంది. మెషినింగ్ కింద లక్షా 34 వేలు, ఆ 40 రూపాయల కింద 80 వేలు. లక్షా 13 వేల ఖర్చు, ఈఎంఐ, రిజెక్షనుకీ ప్యాకింగుకీ ఒక 15 వేలు తీసేస్తే నెలకి సుమారు 53 వేలు మిగులుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రాప్ అమ్మితే వచ్చేది అదనం. అదే మెషిన్, అదే ఆపరేటర్, అదే అద్దె. లోటు పోయి జీతమొచ్చింది.

ఈ 53 వేలు ఊరికే రాదు. ఇప్పుడు తేదీలు వేద్దాం.

కొత్తవాడికి స్టీలు వ్యాపారి అప్పివ్వడు. ఒకటో తారీఖున 2,000 పీసులకి బార్ కొనాలంటే 3 లక్షల 80 వేలు, జీఎస్టీతో 4 లక్షల 48 వేలు చేతి నుంచి పోతుంది. నెలంతా కోసి, నెలాఖరుకి బిల్లు వేస్తాం. పార్టీ ఇచ్చే పర్చేజ్ ఆర్డర్‌లో, అదే పీవోలో, 60 రోజులని ఉంటుంది. ఆ 60 రోజులు మన బిల్లు తేదీ నుంచి కాదు, వాళ్ల స్టోర్సులో సరుకు అందినట్టు రాసే జీఆర్ఎన్ పడినప్పటి నుంచి లెక్కపెడతారు. సరుకు క్వాలిటీ వాళ్ల బల్ల మీద వారం ఉంటుంది. పేమెంట్లు నెలకి రెండుసార్లే వదులుతారు, ఒకటి తప్పితే ఇంకో పదిహేను రోజులు. అరవై అన్నది నెమ్మదిగా తొంభై అవుతుంది. అంటే ఒకటో నెల సరుకు డబ్బు నాలుగో నెలాఖరుకి వస్తుంది. ఈలోగా ఆర్డర్ ఆగదు కదా. మెటీరియల్ నాలుగుసార్లు కొంటాం, అది దాదాపు 18 లక్షలు. అద్దె, జీతాలు, కరెంటు, పాసివేషన్, ఈఎంఐ అన్నీ కలిపి నెలకి 2 లక్షల చొప్పున నాలుగు నెలలకి 8 లక్షలు. మొదటి రూపాయి లోపలికి రాకముందే 26 లక్షలు బయటికెళ్లాయి.

18 లక్షల మెషిన్‌ని నడపడానికి 26 లక్షలు. ఈ అంకె చూసి బావమరిది రెండు రోజులు ఫోన్ చేయలేదు.

జీఎస్టీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డబ్బు వచ్చినా రాకపోయినా బిల్లు వేసిన నెలకి పన్ను మరుసటి నెల 20వ తేదీ లోపు కట్టాలి. మన కేసులో అమ్మకం మీద పన్ను లక్షా 13 వేలు, కొన్నదాని మీద కట్టింది సుమారు 75 వేలు, తేడా 38 వేల చిల్లర. మెషిన్ కొన్నప్పుడు కట్టిన 3 లక్షల 24 వేలు మన ఖాతాలో క్రెడిట్‌గా ఉంటుంది కాబట్టి ఎనిమిది నెలల పాటు ఈ తేడా అందులోంచే సర్దుకుపోతుంది. చాలామంది ఆ ఎనిమిది నెలల్లో మిగిలింది లాభమనుకుంటారు. తొమ్మిదో నెలలో క్రెడిట్ అయిపోతుంది, 20వ తేదీ దగ్గర పడుతుంటే టెన్షన్ మొదలవుతుంది. మొదటి నెల నుంచే ఆ 38 వేలు కట్టినట్టే వేరే ఖాతాలో వేసేయమన్నాను.

ఇప్పుడు 45 లక్షలు ఎలా సర్దామో చూడండి. జీఎస్టీతో మెషిన్ 21 లక్షల 24 వేలు, అందులో 15 బ్యాంకువి, మనవి 6 లక్షల 24 వేలు. బెంగళూరు పద్ధతి ప్రకారం పది నెలల అద్దె అడ్వాన్స్, 2 లక్షల 80 వేలు. కంప్రెసర్, స్టెబిలైజర్, వైరింగ్, టూల్ హోల్డర్లు, మైక్రోమీటర్లు, గేజ్‌లకి 5 లక్షలు. ఇది 14. పైన చెప్పిన 26 కలిపితే 40. చివరి 5 దేనికో పేరు పెట్టలేదు. పెట్టకుండానే అది ఖర్చవుతుంది, నాకు నమ్మకముంది.

15 లక్షల లోన్‌కి ఇల్లో పొలమో పెట్టాలా అని వాళ్ల నాన్నగారు అడిగారు. సీజీటీఎంఎస్‌ఈ అని కేంద్రానికి, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీకి కలిపి ఒక ట్రస్టు ఉంది. చిన్న పరిశ్రమ అప్పుకి అది బ్యాంకుకి హామీ ఉంటుంది, దానికి ఏటా ఫీజు మనమే కట్టాలి. మెషిన్ తప్ప వేరే తాకట్టు అడగకుండా ఇచ్చే దారి ఉందని బ్యాంకులో పేరు పెట్టి అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఆ హామీ బ్యాంకు నష్టానికి, మనం అప్పు కట్టక్కర్లేదని కాదు. ఈ సంగతి పెద్దాయనకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

అయితే ఇదంతా మెషిన్ బుక్ చేశాక నడిచే కథ. నేను వాడికి చెప్పిన పథకంలో మొదటి ఆరు నెలలు మెషినే లేదు. వాడికి బాగా చేదెక్కిన ముక్క ఇదే.

పీణ్యలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి మెషిన్ ఖాళీగా ఉంటుంది. ఒక పార్టీ ఆర్డర్ ఆగిపోయి ఉంటుంది, లేదా రెండో షిఫ్టుకి మనిషి లేడు. మనం జీఎస్టీ నంబరు తీసుకుని, చిన్న పరిశ్రమలకి కేంద్రం పెట్టిన ఉద్యమ్‌లో నమోదై (`udyamregistration.gov.in` లో ఉచితం, రుసుము అడిగే సైటు ఏదైనా అది అసలుది కాదు), చేతిలో డ్రాయింగ్ పట్టుకుని కంపెనీల పర్చేజ్ వాళ్ల దగ్గరికి తిరగాలి. వాళ్లు మొదట పెద్ద పని ఇవ్వరు. వంద పీసులో రెండొందలో శాంపిల్ లాట్ ఇస్తారు. మనం బార్ కొని, డెలివరీ చలాన్ మీద ఆ ఖాళీ మెషిన్ షాపుకి పంపి, గంటకి 400 ఇచ్చి కోయించుకుని, మన చేత్తో కొలిచి, పాసివేషన్ చేయించి పంపాలి. చలాన్ మీద వెళ్లిన మెటీరియల్ ఏడాదిలోపు వెనక్కి రావాలని జీఎస్టీ నియమం. 300 పీసుల మీద మహా అయితే పన్నెండు వేలు కనపడతాయి, అందులో ఆటోలకే సగం. ఆ పార్టీ జీఆర్ఎన్ ఎన్నాళ్లకి వేస్తుందో, డబ్బు ఎన్నాళ్లకి వదులుతుందో మాత్రం ఈఎంఐ మొదలవక ముందే తెలిసిపోతుంది.

ఇంకోటి కూడా తెలుస్తుంది, మనకేం రాదో. నా సంగతే చెప్తాను. మైల్డ్ స్టీల్ బుష్‌లు, 400 పీసులు. లోపలి బోరు 25 మిల్లీమీటర్లు, టాలరెన్స్ హెచ్7. అంటే బోరు 25.000కి తగ్గకూడదు, 25.021 దాటకూడదు. మెషిన్ మీద 25.010కి పెట్టాం, సరిగ్గా నడిమధ్య. బోరు సైజు చూసే ప్లగ్ గేజ్‌లో దిగాల్సిన గో వైపు నూనె రాసినట్టు దిగేది, దిగకూడని నోగో వైపు పైనే ఆగేది. చక్కగా ఉందని జింక్ ప్లేటింగ్‌కి పంపాను. వారం తర్వాత పార్టీ స్టోర్సు నుంచి ఫోన్. వెళ్లి చూస్తే అదే గేజ్ బోరు నోటి దగ్గరే ఆగిపోయింది. ప్లేటింగ్ పూత సుమారు 8 మైక్రాన్లు. బోరుకి రెండు వైపులా పడుతుంది కాబట్టి సైజు 16 మైక్రాన్లు తగ్గుతుంది. 25.010 కాస్తా 24.994 అయింది. పైగా పూత బోరు లోపల పల్చగా, అంచు దగ్గర మందంగా పడుతుంది. అందుకే లోపల కొలిస్తే బాగానే కనిపించి నోటి దగ్గర మాత్రం పట్టేసింది.

డ్రాయింగ్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంది, కొలతలన్నీ ప్లేటింగ్ తర్వాతవి అని. నేను మెషిన్ మీద 25.016కీ 25.037కీ మధ్య కోయించి ఉండాల్సింది. మస్కట్‌లో పదకొండేళ్లు చేశానే గానీ ఇంత సన్నటి బోరుకి ప్లేటింగ్ ఉన్న పని ఎప్పుడూ చేయలేదు. అక్కడ ప్లానింగ్ వాళ్లు ప్లేటింగ్‌కి ముందు సైజు వేరే షీటులో రాసి ఇచ్చేవాళ్లు, మనం కోసేవాళ్లం. బయట పనిచేసొచ్చిన వాళ్లందరికీ ఈ గుంత ఉంటుంది. పెద్ద కంపెనీలో మన పక్క బల్ల మీద వాళ్లు చేసే పని మనకొచ్చనే అనుకుంటాం. 400 పీసులూ స్క్రాప్, 38 వేలు పోయాయి. అప్పటికే మెషిన్ కూడా నాదే, ఆ నెల దాన్ని మళ్లీ అదే పనికి వాడాను. అదే తప్పు ఇంకొకరి షెడ్‌లో 50 పీసుల శాంపిల్ మీద జరిగి ఉంటే ఐదు వేలకి నేర్చుకునేవాణ్ని.

డబ్బు లేటు చేసే పార్టీని ముందే పట్టుకోవడం ఎలా అని అడుగుతారు. కంపెనీ వెబ్‌సైటు చూసి లాభం లేదు. ప్లేటింగ్ షాపు వాడిని అడగాలి. ఆ వీధిలో ఎవరి సరుకు ఎవరికి పోతుందో, ఎవరు డబ్బు కోసం ఎంత తిరుగుతున్నారో వాడికి తెలుసు. ఇంకో గుర్తు డెబిట్ నోటు, అంటే మన బిల్లులోంచి కొంత తగ్గిస్తున్నామని వాళ్లు పంపే కాగితం. మూడు నెలల తర్వాత, డబ్బు అడిగిన వారంలోనే "12 పీసులు రిజెక్ట్" అని డెబిట్ నోటు వచ్చిందంటే ఆ పార్టీకి క్వాలిటీతో కాదు, నగదుతో ఇబ్బంది. రిజెక్ట్ చేసిన పీసులు వెనక్కి పంపమని అడిగి చూడండి. పంపితే నిజం.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమకి కొన్నవాడు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. పీవోలో 60 అనీ 90 అనీ రాసుకున్నా చట్టం ముందు అది చెల్లదు. ఆలస్యానికి రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ చేయలేదు. నాకున్నదే నాలుగు పార్టీలు, ఒకడి మీద కేసు వేస్తే వాడు పోతాడు, మిగతా ముగ్గురి పర్చేజ్ వాళ్లకీ తెలుస్తుంది. వదిలేసుకున్న పార్టీ మీద మాత్రమే అది పనికొస్తుంది.

నిజంగా కాస్త తేడా కనిపించింది ఆదాయపు పన్ను మార్పు వల్ల. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, కొన్న కంపెనీ గడువు దాటి ఏడాది చివరికి కూడా మనకి బాకీ ఉంచితే ఆ ఏడాది ఆ కొనుగోలుని ఖర్చుగా చూపించుకోవడం కుదరదు. అంటే బాకీ మీద వాళ్లు పన్ను కట్టాలి. దాంతో మార్చిలో వాళ్ల అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి ఉద్యమ్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఇది తయారీదారులకీ సేవలకీ గానీ, వ్యాపారి కింద నమోదైతే వర్తించదు. ఉద్యమ్ నంబరు ప్రతి బిల్లు మీద అచ్చువేయించమని బావమరిదికి చెప్పింది ఇందుకే. మార్చి పోతే మళ్లీ పాత పాటే, కాబట్టి మన లెక్కలో 90 రోజులే ఉంచుకోవాలి.

పార్టీ పెద్దదైతే, బిల్లుల మీద ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లో ఉందా అని అడగాలి. బిల్లుని వాళ్లు అక్కడ ఆన్‌లైన్లో ఒప్పుకుంటే, బ్యాంకు కొంత వడ్డీ కోసుకుని మనకి డబ్బిచ్చేస్తుంది, గడువుకి పార్టీ దగ్గర వసూలు చేసుకుంటుంది. పార్టీ ఎగ్గొట్టినా మన మీదికి రాదు. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు అందులో నమోదు కావడం తప్పనిసరి చేశారు. నమోదు అయ్యారు సరే, బిల్లు ఒప్పుకోవాలిగా. అక్కడ నసుగుతారు. అయినా వందలో నాలుగు బిల్లులు అలా కదిలినా 26 లక్షల భారం కొంత తగ్గినట్టే.

ఆ 26 లక్షలు ఎక్కడ ఉంచాలన్నది చిన్న విషయమే గానీ అందులో ఒక కిటుకుంది. బావమరిది డబ్బు ఎన్ఆర్ఈ ఎఫ్‌డీల్లో ఉంది. ఇక్కడ స్థిరపడటానికి వచ్చేశాక ఆ ఖాతాలు రెసిడెంట్ ఖాతాలుగా మార్పించుకోవాలి, అప్పటినుంచి వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. కొంతమంది ఏళ్ల తరబడి బ్యాంకుకి చెప్పకుండా నడిపించేస్తారు, తర్వాత లోన్ అడిగిన రోజున అదే అడ్డొస్తుంది. మార్పించాక ఆ ఎఫ్‌డీలని విరగ్గొట్టకుండా వాటి మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోమన్నాను. సాధారణంగా ఎఫ్‌డీలో 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతం అటూ ఇటూ ఎక్కువ. వాడుకున్న రోజులకే వడ్డీ. దీనివల్ల వడ్డీలో పెద్దగా మిగిలేదేం లేదు. కరెంటు ఖాతాలో 26 లక్షలు కనిపిస్తుంటే ఎవరికైనా రెండో మెషిన్ మీదికి మనసు పోతుంది, ఓవర్‌డ్రాఫ్ట్‌లో మైనస్ గుర్తు కనిపిస్తుంటే అంత తొందరగా పోదు.

సెకండ్ హ్యాండ్ మెషిన్ ఎనిమిది లక్షలకి వస్తుంది కదా అని మా షెడ్ ఎదురుగా ఉండే ఆయన అంటాడు. వస్తుంది. దాని మీద లోన్ పుట్టడం కష్టం, అంటే ఎనిమిదీ మన చేతిదే. స్పిండిల్ బేరింగ్ పోయిందా, స్క్రూలో లూజు ఉందా అన్నది డయల్ పెట్టి చూసుకోగలిగిన వాడు కొనొచ్చు. గంటసేపు నడిపి వేడెక్కాక ఇరవై పీసులు వరసగా కోయించి సైజులు రాసుకుంటే చాలావరకు బయటపడుతుంది. అంత ఓపిక లేనివాడు వద్దు.

ఇప్పుడు మెషిన్ ఎప్పుడు బుక్ చేయాలి? బావమరిదికీ నాకూ కుదిరిన షరతు రెండు ముక్కలు. బయట కోయించే పని మూడు నెలలు వరసగా నెలకి 200 గంటలు దాటాలి, అందులో సగమైనా మళ్లీ మళ్లీ వచ్చే అదే పార్టు అయి ఉండాలి. కనీసం ఒక పార్టీ వరసగా మూడు బిల్లులు 90 రోజుల లోపు కట్టి ఉండాలి. రెండూ జరిగిన రోజున బ్యాంకుకి వెళ్లేటప్పుడు వాడి చేతిలో ఎక్సెల్ షీటుతో పాటు పీవోలు, జీఎస్టీ రిటర్నులు, డబ్బు జమైన స్టేట్‌మెంట్ ఉంటాయి.

వాడు వచ్చి ఐదు నెలలైంది. జాలహళ్లి క్రాస్ దగ్గర రెండు గదుల ఇల్లు, పాత స్కూటర్, వెనకాల బార్ ముక్కల సంచి. పోయిన నెల లెక్క 140 గంటలు. నిన్న సాయంత్రం మా షెడ్‌కి వచ్చి నా ప్లగ్ గేజ్ అడిగాడు. "ఏ సైజు?" అన్నాను. "25 హెచ్7 బావా, ప్లేటింగ్ ఉంది" అన్నాడు. ప్లేటింగ్‌కి ముందు సైజు ఎంత పెట్టావని అడిగాను. జేబులోంచి డ్రాయింగ్ తీశాడు. పెన్సిల్‌తో పక్కన రాసి ఉంది. నేను చదివి గేజ్ ఇచ్చాను, శనివారం లోపు తెచ్చిమ్మన్నాను.